ఇంకా రాని తేదీ

మా మావగారికి నలభై ఇళ్లు కంఠతా వచ్చు. అడిగితే కళ్లు మూసుకుని అప్పజెప్పేస్తారు. ఏ ఇంట్లో ఏ యంత్రం ఉంది, దాని ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి, పక్కన నిలబెట్టిన సిలిండర్ ఎప్పుడు చూశాం, తలుపు తీసే మనిషికి చెవులు వినపడతాయా, గంట కొట్టాలా, పేరు పెట్టి అరవాలా, అన్నీ ఆ బుర్రలోనే. కాగితం ముక్క కూడా ఉండేది కాదు. కాగితం ఉంటే మనిషి బద్ధకిస్తాడని ఆయన సిద్ధాంతం.

మేం ఆక్సిజన్ యంత్రాలు అద్దెకిస్తాం. ఊపిరితిత్తులు పాడైనవాళ్లు ఇంట్లోనే మంచం పక్కన పెట్టుకునే యంత్రాలవి. గదిలో గాలిని లోపలికి లాక్కుని, అందులోంచి ఆక్సిజన్‌ని వేరుచేసి, ముక్కు కింద పెట్టుకున్న సన్నని గొట్టంలోకి పంపిస్తాయి. కరెంటు ఉన్నంతసేపే వాటి ఆట. కరెంటు పోతే పక్కనున్న సిలిండర్ తిప్పుకోవాలి. యంత్రం దింపేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఫిల్టర్లు కడగాలి, మార్చాలి, వచ్చే గాలిలో ఆక్సిజన్ తగినంత ఉందో లేదో కొలవాలి, సిలిండర్ నిండుగా ఉందో లేదో చూడాలి. ఇవన్నీ ఒకసారి చేస్తే తీరిపోయే పనులు కావు. చేసిన క్షణం నుంచే మళ్లీ చేయాల్సిన రోజు దగ్గరపడుతూ ఉంటుంది. అవతల ఒక మనిషి ఊపిరి తీస్తున్నంత కాలం ఇవతల ఆ పని వస్తూనే ఉంటుంది.

మావగారికి మోకాలి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. వారాలపాటు మంచం దిగకూడదంటే ఆయన ససేమిరా అన్నారు. నేను పడుకుంటే ఇళ్లెవరు గుర్తుపెట్టుకుంటారన్నారు. కొడుకున్నాడు కదా అంటే నవ్వారు. ఆ నవ్వుకి మావారు కూడా నవ్వారు. మావారు బంగారం లాంటి మనిషి, వ్యాను నడపమంటే నడుపుతారు, సిలిండర్ భుజాన వేసుకుని మూడంతస్తులెక్కమంటే ఎక్కుతారు, కానీ తెల్లారి చెప్పిన మాట మధ్యాహ్నానికి గుర్తుండదు. మా పెళ్లిరోజు కూడా నేను గుర్తుచేశాకే శుభాకాంక్షలు చెప్తారు.

నాకు చూసి చూసి ఒళ్లు మండింది. పెళ్లికి ముందు నేను ఒక పెద్ద గోదాములో లెక్కల గదిలో పనిచేశాను. ఎక్సెల్ షీట్‌తో నాది మావారికంటే పాత పరిచయం. ఒకరోజు మావగారు గోడ పట్టుకుని కొట్టు మెట్లెక్కుతుంటే చూడలేక, మీ బుర్రలో ఉన్నదంతా నాకు అప్పజెప్పండి, నేను పెట్టెలో పెడతానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, నా బుర్ర పట్టే పెట్టె ఇంకా చేయలేదమ్మాయ్ అన్నారు.

అయినా కూర్చున్నారు. కొట్టు వెనక గదిలో, రిపేరుకొచ్చిన యంత్రాల మధ్య, ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు, నేను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కొట్టేదాన్ని. వారం రోజులు పట్టింది. ఒక్కో పనికి ఒక్కో వరస. మొదటి గడిలో ఇల్లు, రెండో గడిలో పని, మూడో దాంట్లో ఎన్ని రోజులకోసారి చేయాలన్నది, నాలుగో దాంట్లో చివరిసారి చేసిన తేదీ. మనం చేత్తో నింపాల్సినవి అంతే. ఐదో గడిలో సూత్రం పెట్టాను. చివరి తేదీకి ఆ రోజుల సంఖ్య కలిపి, మళ్లీ ఎప్పుడు చేయాలో అదే చెప్తుంది. ఆరో గడి ఆ తేదీని ఇవాళ్టి తేదీతో పోలుస్తుంది. ఇంకా టైముంటే వరస పచ్చగా ఉంటుంది. గడువు దాటిందా, ఎర్రబడుతుంది.

ఆ వారంలో నేను నోరెళ్లబెట్టిన సందర్భాలు ఇన్నీ అన్నీ కావు. ఫిల్టర్ కడగడానికి అందరికీ వారం అని పెడుతుంటే ఆయన కళ్లు తెరవకుండానే, పిల్లి ఇంటికి నాలుగు రోజులే పెట్టు అన్నారు. పిల్లి ఇల్లేమిటంటే, ఆ ఇంట్లో మూడు పిల్లులున్నాయి, వాటి బొచ్చంతా ఫిల్టర్‌లోనే ఉంటుంది. వంటింటి గోడకి ఆనుకుని యంత్రం పెట్టుకున్న ఇంటికి ఐదు రోజులు, పోపు జిడ్డు. రోడ్డు మీదకి కిటికీ ఉన్న ఇంటికి మళ్లీ నాలుగు, దుమ్ము. ఎండల్లో మూడు. ఒక్క యంత్రం పేరు కూడా తడుముకోలేదు. ఇన్నేళ్లూ ఈయన పక్కన అన్నం తింటున్నాను, రోజూ టీ ఇస్తున్నాను, ఆ బట్టతల లోపల ఇంత పెద్ద ఊరు నడుస్తోందని నాకు తెలియదు. మనిషి జ్ఞాపకం అంటే ఇంత ఉంటుందా అని నిజంగా భయమేసింది.

చివరి తేదీలు కొట్టకముందే నేను సూత్రాలు పెట్టేశాను. దాంతో షీటంతా ఒక్కసారి భగ్గుమని ఎర్రబడింది. పిల్లి ఇంటి ఫిల్టర్ 1900వ సంవత్సరం జనవరిలో కడగాల్సి ఉందని చూపిస్తోంది. ఖాళీ గడిని అది సున్నా కింద లెక్కేస్తుంది, దాని తేదీలు అక్కడి నుంచే మొదలవుతాయి. మావగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, మా తాత పుట్టకముందు నుంచీ బాకీ పడ్డామన్నమాట అని తెగ నవ్వారు. తేదీలు నింపుతుంటే ఒక్కో వరసా పచ్చబడుతూ వచ్చింది. అది నాకు మామూలే. అసలు సంగతి మర్నాడు జరిగింది.

సాయంత్రం ఫైలు మూసేసి వెళ్లాం. అప్పటికి ఎరుపు ఒక్కటీ లేదు. పొద్దున్న కొట్టు తెరిచి లాప్‌టాప్ పెట్టగానే రెండు వరసలు ఎర్రగా ఉన్నాయి. ఒకటి పిల్లి ఇల్లు. మావగారు నా వైపు చూశారు, నువ్వేమైనా ముట్టుకున్నావా అని. లేదన్నాను. మావాడు ముట్టుకున్నాడా అన్నారు. ఎవరూ ముట్టుకోలేదు, రోజు మారింది, ఇవాళ ఏ తేదీ అన్నది దానికి తెలుసు, తెరవగానే అన్ని వరసల్నీ ఆ తేదీతో పోల్చుకుంది అని చెప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ ఎర్ర వరస మీద వేలు పెట్టారు. వేడిగా ఉంటుందేమో అన్నట్టు మెల్లిగా పెట్టారు.

"పిల్లి ఇంటికి ఇవాళ వెళ్లాలని నేను పక్క మీద నుంచి లేస్తూనే అనుకున్నానమ్మా. అదే మాట ఇది కూడా అంటోంది."

నేను రోజూ చూసే గడులే అవి. గోదాములో ఇలాంటివి వందసార్లు పెట్టాను, ఎన్నడూ ఆశ్చర్యపోలేదు. ఆ పొద్దున మాత్రం ఆయన మొహం చూశాక నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. రాత్రంతా ఎవరూ చూడకుండా, దీపం లేకుండా, మూతపెట్టిన పెట్టెలో ఉండి, తెల్లారేసరికి ఎవరికి ఏం కావాలో చెప్తోంది. ఆ సాయంత్రమే ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. అత్తయ్య నమ్మలేదు. రెండేళ్లుగా నేను చెవినిల్లు కట్టుకుని పోరితే కదలని మనిషి, ఎర్ర రంగు చూసి కదిలాడా అని నన్ను నిలదీసింది.

ఆస్పత్రికి వెళ్లబోయే ముందు తండ్రీకొడుకులిద్దరూ ఒకరోజంతా తిరిగి, సిలిండర్లున్న ఇళ్లన్నీ ఒక్క దెబ్బకి చూసొచ్చారు. సిలిండర్ అందరికీ ఉండదు. ఒక్క గంట కూడా ఆక్సిజన్ లేకుండా ఉండలేనివాళ్లకే పెడతాం, అవి ఇరవై పైచిలుకు. కరెంటు పోయినప్పుడు తప్ప దాని అవసరం రాదు, అందుకే ఇంట్లోవాళ్లు దానివైపు చూడరు. లోపలి వాషర్ నలిగిందంటే మూత బిగించి ఉన్నా సన్నగా కారిపోతూనే ఉంటుంది, చప్పుడు కూడా రాదు. కాబట్టి పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరు వెళ్లి దాని మీటరు ముల్లు ఎక్కడుందో కళ్లతో చూడాలి. షీట్‌లో ఆ ఇళ్లన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టాను, మావగారి వ్యాను తిరిగే దారి ప్రకారం. దారి చివర బొమ్మల టీచర్ ఇల్లు.

బొమ్మల టీచర్ అంటే బడిలో బొమ్మలు నేర్పి రిటైరైన ఆవిడ. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ముక్కు కింద గొట్టంతోనే రంగులు కలుపుతుంది, కానీ ఆక్సిజన్ దగ్గర నిప్పు పనికిరాదు, వంట చేసుకునే వీలు లేదు కాబట్టి కింది వాటావాళ్లు క్యారియర్ పంపిస్తారు. గొట్టం ఎంత పొడుగుంటే ఆవిడ ప్రపంచం అంత. మావగారంటే ఆవిడకి చనువు. మీ కోడలికి ముక్కు మీద కోపం ఉంటుంది కదూ, ముక్కు గియ్యడానికి బాగుంటుంది, ఓసారి పంపించండి అని అడిగిందట.

ఆపరేషన్ బాగానే జరిగింది. మావగారిని ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేసి, కాలు దిండు మీద పెట్టాం. మొదటి రెండు వారాలూ ఆయన రోజూ పొద్దున ఎర్రవి ఏమున్నాయని అడిగేవారు. నేను చదివేదాన్ని. మావారు వెళ్లి చేసి వచ్చేవారు. వచ్చాక ఆ వరసలో తేదీ మార్చేవారు, అది పచ్చబడేది. పని చేసినందుకు షీటే మెచ్చుకున్నట్టు ఆయన మురిసిపోయేవారు. ఆ తర్వాత సిలిండర్ల వంతు వచ్చింది. రోజుకి ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడేది. ఎంత మర్యాదస్తురాలు నీ షీటు, రోజుకొక్క సిలిండర్ కంటే ఎక్కువ చెప్పట్లేదు, మా నాన్న తిరిగే రోజుల్లో ఒకేసారి అన్నీ మోయించేవారు అని మావారు మెచ్చుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. పొగిడితే ఎవరికి చేదు.

అలా ఐదు రోజులు. ఐదో రోజు సాయంత్రానికి అన్నీ అయిపోయి షీటంతా పైనుంచి కిందిదాకా పచ్చగా ఉంది. అంత పచ్చదనం నేను ఇంతకుముందు చూడలేదు. లాప్‌టాప్ ఎత్తుకెళ్లి మావగారి కడుపు మీద పెట్టాను, చూడండి, మీరు లేకపోయినా మీ ఇళ్లన్నీ ఎంత చల్లగా ఉన్నాయో అని. ఆయన షీటు కాసేపు చూసి, పక్కనున్న పేపరు తీసి నాకు చూపించారు. మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీగలు మార్చడానికి ఫలానా వీధుల్లో కరెంటు తీసేస్తామని కింద మూలన చిన్న అక్షరాల్లో వేశారు. అందులో బొమ్మల టీచర్ వీధి ఉంది.

ఉంటే ఏమైంది, సిలిండర్ పొద్దుట తిప్పితే చీకటి పడేదాకా వస్తుంది కదా అన్నాను. వస్తుంది, నిండుగా ఉంటే అన్నారు. ఆవిడ సిలిండర్ ఎప్పుడు చూశామో చదవమన్నారు. నేను వేలితో వరస పట్టుకుని, గడి దగ్గరికొచ్చి, గట్టిగా ధీమాగా ఆ తేదీ చదివాను.

మావగారు దిండు మీద నుంచి తల ఎత్తారు.

"ఆ తేదీ ఇంకా రాలేదు కదమ్మా. అది ఎల్లుండి."

మళ్లీ చదివాను. ఎల్లుండే. ఎల్లుండి చూసినట్టు, పచ్చగా, నిశ్చింతగా ఉంది. పై వరస చూశాను, అది రేపటి తేదీ. దాని పైది ఇవాళ్టిది. ఆ పైది నిన్నటిది. మెట్లు దిగినట్టు ఒక్కో ఇంటికి ఒక్కో రోజు పెరుగుతూ పోయింది. మావారిని కేకేశాను. ఆపరేషన్ ముందు రోజు తేదీలన్నీ ఎలా కొట్టారని అడిగాను. ఆయన అమాయకంగా, అన్నీ ఒకటే తేదీ కదా, పైన ఒక్కటి కొట్టి, మూల పట్టుకుని కిందిదాకా లాగాను, నువ్వే కదా ఇళ్ల పేర్లకి అలా లాగి చూపించావు అన్నారు.

పేరు పట్టుకుని లాగితే అదే పేరు దిగుతుంది. తేదీ పట్టుకుని లాగితే ఒక్కో గడికీ ఒక్కో రోజు కలుపుకుంటూ దిగుతుంది. ఆ సంగతి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు, ఆయనకి ఎవరు చెప్పారు? షీటు తప్పు చేయలేదు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు, చెప్పిన తేదీకి పదిహేను కలుపుకుంటూ పోయింది. అందుకే రోజుకొక్కటి ఎర్రబడింది. మర్యాదా కాదు, నా బొందా కాదు. ఒకేసారి ఎర్రబడాల్సిన ఇళ్లు క్యూ కట్టి నిలబడ్డాయి, క్యూలో ఆఖరున బొమ్మల టీచర్. ఆవిడ వంతు వచ్చేసరికి ఇంకా రెండున్నర వారాలు పట్టేది. కరెంటు మాత్రం రేపు పొద్దున పోతుంది.

మావగారి పక్కనే నేల మీద కూర్చుని, ఇంకా ఎర్రబడని ఆ గడుల్లో వాళ్లిద్దరూ చూసొచ్చిన అసలు తేదీ కొట్టాను. ఈసారి లాగలేదు, ఒక్కటి కొట్టి నకలు తీసి మిగతావాటిలో అతికించాను. వేలు తీసేలోపు ఆ వరసలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఒక్కో వరస వెనక ఒక మంచం, ఒక గొట్టం, ఒక ముక్కు ఉన్నాయి. ఇందాక పచ్చగా కనిపించినప్పుడు కూడా అవి ఇలాగే ఉన్నాయి, నాకు కనపడలేదంతే. మావారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మావగారు కొడుకుని తిట్టలేదు. వ్యానులో నిండు సిలిండర్ పెట్టుకుని ఇద్దరూ వెళ్లండి, ముందు టీచర్ గారిల్లు, తర్వాత ఆ వీధులే, మిగతావి రేపు అన్నారు.

మూడంతస్తులు నేను ఎలా ఎక్కానో తెలియదు. తలుపు తీసే ఉంది. లోపల యంత్రం మామూలుగా గురగురమంటోంది. టీచర్ కిటికీ పక్కన కూర్చుని నీళ్ల గ్లాసు బొమ్మ గీస్తోంది. ముక్కు కింద గొట్టం ఉంది, బుగ్గలకి రంగు ఉంది, నన్ను చూసి ఓ, కోపం ముక్కు వచ్చింది అని నవ్వింది. నేను నవ్వలేదు. సిలిండర్ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. ముల్లు అడుగున, ఎర్ర గీత మీద పడుకుని ఉంది. మావారు మూత తిప్పి చూశారు. ఒక్క నిట్టూర్పు లాంటిది వచ్చి ఆగిపోయింది. పదిహేను రోజులు దాటి ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో కరెంటు పోలేదు కాబట్టి మేం నిలబడి మాట్లాడుతున్నాం.

ఆవిడతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సిలిండర్ ఖాళీ, చూడాల్సిన రోజు మేం దాటించేశాం అన్నాను. ఆవిడ కుంచె గ్లాసులో పెట్టి ఆ సిలిండర్ వైపు, కొత్తగా చూస్తున్నట్టు చూసింది. నేను దాన్ని చాలాసార్లు గీశాను, ఖాళీదో నిండుదో బొమ్మలో తెలియదు అంది. మావారు కొత్తది బిగించి, వాషర్ మార్చి, సబ్బు నురగ రాసి చూశారు, ఒక్క బుడగ లేవలేదు. ముల్లు పై దాకా లేచి నిలబడింది. అప్పుడాయన మెట్ల మీదికి వెళ్లి కాసేపు కూర్చున్నారు. చీకటి పడేలోగా ఆ వీధుల్లో ఉన్న ఇళ్లన్నీ చూసేశాం. తక్కినవన్నీ నిండుగానే ఉన్నాయి.

ఇంటికి రాగానే షీటు బాగుచేశాను. ముందుగా, చివరి తేదీ గడిలో ఇంకా రాని రోజేదీ కొట్టనివ్వకుండా అడ్డు పెట్టాను. కానీ ఆ అడ్డు చేత్తో కొడితేనే ఆపుతుంది, లాగితే ఆపదు, మనవాడు లాగే రకం. అందుకని ఆరో గడిలో ఉన్న సూత్రానికి ముందే ఇంకో ప్రశ్న చేర్చాను. ఈ తేదీ అసలు వచ్చిందా అని. రాకపోతే గడువు లెక్క జోలికే పోకుండా వరసని ఊదారంగులోకి తిప్పి, తేదీ తప్పు అని రాయమన్నాను. తేదీ ఖాళీగా ఉంటే అదీ చెప్పమన్నాను. ఆనాడే అది ఉండి ఉంటే, మావారు వేలు తీసేలోపు రెండో వరస నుంచీ చివరిదాకా ఊదాగా మారి అరిచి ఉండేది. మావారి చేత ఒకసారి లాగించి చూపించాను. ఊదారంగు గబగబా కిందికి పరిగెత్తింది. ఆయన చేతులు కట్టుకుని, మాస్టారి ముందు నిలబడ్డ పిల్లాడిలా చూశారు.

మావగారు అంతా చూశారు. నేను ఆయన ఏమంటారా అని ఎదురుచూస్తున్నాను. మీ బుర్రే నయం మావయ్యగారూ, అది ఇలాంటి తప్పు చేయదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నేను మర్చిపోతే మర్చిపోయానని నాకు తెలియదమ్మా. ఎవరికీ తెలియదు. ఇది తప్పు చేస్తే, ఎక్కడ చేసిందో మనం వేలు పెట్టి చూపించగలిగాం."

మర్నాడు పొద్దున్నే నేను టీచర్ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. రమ్మని ఎవరూ చెప్పలేదు. మావారు మిగతా ఎర్ర ఇళ్ల మీదికి వెళ్లారు. పేపర్లో వేసిన టైముకే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, యంత్రం ఒక్కసారి కీచుమని అరిచింది, స్విచ్ తీసి దాని నోరు నొక్కాను. గొట్టం అక్కడ ఊడదీసి ఇక్కడ తగిలించి, సిలిండర్ మూత తిప్పాను. ఆక్సిజన్ ఎంత వస్తోందో చూపే గాజు గొట్టంలో చిన్న గుండు లేచి ఆవిడకి కావాల్సినంత ఎత్తులో నిలబడింది. గాలిని తడిపే నీళ్ల సీసాలో బుడగలు మొదలయ్యాయి. ఆవిడ గాలి తీసుకుని, మళ్లీ తీసుకుని, ఈ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండి ఎన్నేళ్లయిందో, యంత్రం మోతలో నాకు కాకి అరుపు కూడా వినపడేది కాదు అంది. కిటికీ అవతల ఎక్కడో నిజంగానే కాకి అరుస్తోంది. కాసేపు వింది. విని, ఇలా నిద్రపోయి చాలా కాలమైంది, మీరున్నారు కదా, కొంచెం పడుకుంటాను అని కుర్చీలోనే వెనక్కి వాలింది.

నేను కదల్లేదు. కుర్చీ కిర్రుమంటుందని కాలు కూడా మార్చలేదు. ఆ గదిలో బుడగల చప్పుడు, ఆవిడ ఊపిరి చప్పుడు, అంతే. లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది, కొంచెం ఆగుతోంది, మళ్లీ వెళ్తోంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ గుర్తుచేయకుండా వెళ్తోంది. నేను జీవితంలో ఎన్నో చూసి అబ్బో అనుకున్నాను గానీ, ఒక మనిషి ఊపిరి పీల్చడం చూసి అనుకోలేదు. ముల్లు దిగుతుందేమోనని మాటిమాటికీ చూశాను. అది వెంట్రుకవాసి చొప్పున దిగుతోంది, దిగాల్సినంతే దిగుతోంది.

మధ్యలో మావగారు ఫోన్ చేశారు. నేను గుసగుసగా కరెంటు పోయింది, తిప్పాను, పడుకుంది అని చెప్పాను. ఎలా పడుకుంది అని అడిగారు. మాటల్లో ఎలా చెప్పాలో తెలియక ఫోన్ తీసి, ఆవిడ మొహానికి కాస్త దగ్గరగా, గొట్టం తగలకుండా పట్టుకున్నాను. చాలాసేపు అలాగే పట్టుకున్నాను. అవతల చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమోనని మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పెట్టేయకమ్మా," అన్నారాయన. "ఇంకాసేపు విననీ."

చెయ్యి లాగేస్తున్నా, మోచేతి కింద రెండో చెయ్యి ఆన్చుకుని, ఫోన్ మళ్లీ అక్కడే పట్టుకున్నాను.